అకౌంటెంటు ఇంటర్వ్యూకి వచ్చినవారికి రిసెప్షన్‌లో పలకరింపు

రిసెప్షనిస్టు: నమస్కారమండి, అకౌంట్స్ ఇంటర్వ్యూకేనా? రండి, ఆ ఫ్యాను కింద కూర్చోండి. ఎండన పడి వచ్చారు. మంచినీళ్లు చల్లవి ఇమ్మంటారా, మామూలువా?

అభ్యర్థి: మామూలువి చాలండి. గుంటూరు నుంచి వస్తుంటే వారధి మీద బస్సు ఆగిపోయింది. ఆలస్యమైందా?

రిసెప్షనిస్టు: అబ్బే, మీది పదకొండున్నరకి. ఇంకా ఇరవై నిమిషాలుంది, నిదానంగా తాగండి. తర్వాత ఈ రిజిస్టర్లో పేరు, ఫోను నంబరు, వచ్చిన టైము రాసి సంతకం పెట్టండి. జిరాక్సులు నాకిచ్చి, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి, లోపల చూస్తారు. నేను పిలిచాక మూడో అంతస్తుకి వెళ్లాలి. లిఫ్టు రెండో దాకానే. అక్కడ దిగి ఎడమపక్క మెట్లెక్కండి. కుడివైపుది గోడౌను, బోర్డు లేదు కదా, అందరూ అటే పోతారు. పైన వాటర్ కూలర్ పక్క గదండి. బాత్రూము కావాలంటే ఈ నడవా చివర.

అభ్యర్థి: థాంక్సండి.