నీ శక్తికి మించిన ప్రయాణము

వందనాలు అక్కా. లేవకండి, అలాగే పడుకుని వినండి. కళ్లు మూసుకున్నా ఫర్వాలేదు, మధ్యలో నిద్ర పట్టేస్తే ఇంకా మంచిది. ఆరాధనలో కునికితే పాస్టరుగా నాకు కాస్త కష్టంగా ఉంటుంది గానీ ఇక్కడ మాత్రం ఏమీ అనుకోను, ఎందుకంటే ఈ రోజు వాక్యంలో దేవుని సేవకుడే రెండుసార్లు పడుకుని నిద్రపోయాడు.

డాక్టరు గారు ఏం చెప్పారో బావగారు ఫోన్లో చెప్పారు. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు, ఎప్పటివరకు అంటే ఇప్పుడే చెప్పలేమన్నారట. ఇన్నాళ్లకు తగ్గిపోతుందని ఎవరైనా ఒక లెక్క చెబితే బాగుండని మీకు ఉంటుంది, నాకు తెలుసు. ఆ లెక్క నా దగ్గర లేదక్కా. లేని మాటను దేవుని పేరు పెట్టి చెప్పడానికి నాకు భయం. స్వస్థత కోసం ప్రార్థన చేస్తూనే ఉంటాం, మానం. కానీ స్వస్థత వచ్చేలోగా ఈ రోజు గడవాలి కదా, ఆ మధ్యకాలం గురించే రెండు మాటలు చెప్పి వెళ్తాను.

1 రాజులు 19వ అధ్యాయం, 4 నుంచి 8 వచనాలు. ఏలీయా సంగతి. అంతకుముందు అధ్యాయంలోనే కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలు 450 మందికి ఎదురుగా ఒక్కడే నిలబడ్డాడు, ఆకాశం నుంచి అగ్ని దిగింది, ఎండిపోయిన దేశానికి వాన వచ్చింది. అంతటి మనిషి, యెజెబెలు రాణి చంపుతానని కబురు పంపితే ప్రాణం అరచేత పట్టుకుని బెయేర్షెబా దాకా పారిపోయి, తన దాసుణ్ణి అక్కడే ఉండమని, ఒంటరిగా ఒక రోజు దూరం ఎడారిలోకి నడిచి, ఒక బదరీవృక్షం కింద కూలబడి ఏమన్నాడంటే, "యెహోవా, నా పితరులకంటె నేను ఎక్కువవాడను కాను, ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము."

ఇక చాలు, అన్నాడు. మొన్న రాత్రి మీరు కూడా అదే మాట అన్నారట. బావగారు చెబుతూ ఏడ్చేశారు, అందుకే దాచకుండా మాట్లాడుతున్నాను. అలా అన్నందుకు మీరు సిగ్గుపడక్కర్లేదు, విశ్వాసం పోయిందని కంగారు పడక్కర్లేదు. మోషే అన్నాడు, యోబు అన్నాడు, యోనా అన్నాడు. వాళ్ల మాటల్ని దేవుడు తన గ్రంథంలో కొట్టేయకుండా ఉంచాడు. అయితే ఒకటి, ఆ మాట ఏలీయా ఎవరితో అన్నాడో చూడండి. దేవునితోనే అన్నాడు, లోపల దాచుకోలేదు. మీరు కూడా దాచుకోవద్దు. దేవునితో అనండి, ఇక్కడి నర్సమ్మతో చెప్పండి, డాక్టరు గారితో చెప్పండి. దానికి కూడా సహాయం ఉంటుంది, అదీ వాళ్ల పనే. అర్ధరాత్రి అలా అనిపిస్తే నాకు ఫోన్ చేయండి, మా ఇంట్లో ఫోన్ సైలెంట్‌లో పెట్టం.

సరే, అలా అన్నవాడికి దేవుడు ఏం జవాబిచ్చాడు? ఇక్కడే నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యంగా ఉంటుంది. కర్మెలు సంగతి అప్పుడే మర్చిపోయావా అని అడగలేదు. నీలాంటి సేవకుడు ఇలా మాట్లాడొచ్చా అని గద్దించలేదు. అసలు వెంటనే ఏమీ మాట్లాడలేదు. నిద్రపోనిచ్చాడు. తర్వాత దూత వచ్చి అతణ్ణి ముట్టి లేపి, తినమన్నాడు. చూస్తే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు! దేవదూత పక్కనే ఉన్నా అటు తిరిగి పడుకున్నాడు పాపం, అంత అలసట. దానికీ ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి దూత రెండోసారి వచ్చి, మళ్లీ ముట్టి ఈ మాట అన్నాడు: "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము."

అక్కా, ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. నీ శక్తికి మించిన ప్రయాణం. ఇది దేవుడు తన దూతతో చెప్పించిన మాట. మనల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు ప్రేమతోనే అంటారు, మోయలేని భారం దేవుడు ఇవ్వడమ్మా, ధైర్యంగా ఉండు అని. వాళ్లు వెళ్లిపోయాక మనకేమనిపిస్తుంది? నేను మోయలేకపోతున్నాను కాబట్టి తప్పు నాలోనే ఉందేమో అని. పొద్దుట్నుంచి వాంతులు, కాళ్లు పీకేస్తున్నాయి, మెషీన్ మీద నుంచి దిగాక ఒంట్లో పిడికెడు బలం ఉండదు, దానికి తోడు ధైర్యంగా లేనని ఇంకో బాధ. దేవుడు అలా మాట్లాడలేదు. ఇది నీ వల్ల అయ్యే దూరం కాదు, నాకు తెలుసు అన్నాడు. పౌలు కూడా కొరింథీయులకు దాచకుండా రాశాడు, మా శక్తికి మించిన అత్యధిక భారమువలన క్రుంగిపోతిమి, బ్రదుకుదుమను నమ్మకము లేకపోయింది అని. అపొస్తలుడే అలా రాశాక, ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే బాగున్నాను అని మీరు తెచ్చిపెట్టుకుని చెప్పక్కర్లేదు. నాతో అసలే చెప్పొద్దు.

మరి శక్తికి మించిన దారి ఎలా నడిచాడు? దేవుడు దారి తగ్గించలేదు. అతను చేరాల్సిన హోరేబు కొండ దగ్గరకు జరగలేదు. నలభై రాత్రింబగళ్లు నడవాల్సిందే, నడిచాడు. కానీ ఎనిమిదో వచనం ఏమంటుందంటే, ఆ భోజనపు బలముచేత నడిచాడట. అతనిలో మిగిలిన బలంతో కాదు. దేవుడు పెట్టింది తిన్నాడు, అది మోసుకుపోయింది. అందుకని నేను మిమ్మల్ని ఆరు నెలలకో సంవత్సరానికో సరిపడా ధైర్యం తెచ్చుకోమని అడగను. అంత ధైర్యం ఏలీయా దగ్గరే లేదు. ఈ పూటకు దేవుడు మీ తల దగ్గర ఏం పెట్టాడో అది తీసుకోండి, అంతే.

ఈ వాక్యం తేవడానికి కొంచెం తటపటాయించాను కూడా, ఎందుకంటే ఏలీయాకు బుడ్డి నిండా నీళ్లు ఇచ్చారు, మీకేమో రోజుకు ఇన్ని అని కొలిచి ఇస్తున్నారు. చెబితే మీకు దాహం ఎక్కువవుతుందేమో అనుకున్నాను (నవ్వారు, సంతోషం). కానీ మీకు పెట్టిన అప్పం వేరే రకంగా ఉంది. ఆ ఉప్పు లేని కూడు, ఆ ఇంజెక్షన్, ఆ నాలుగు గంటల మెషీన్, అవే. చేతికి సూది గుచ్చే ముందు చెప్పి గుచ్చే ఆ నర్సమ్మ చెయ్యి కూడా. వీటిని దేవుడు పంపినవిగా తీసుకుంటే తప్పులేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. విశ్వాసం ఉంటే మెషీన్ ఎందుకు, ప్రార్థన చాలు కదా అని ఎవరో వచ్చి చెప్పి వెళ్లారని విన్నాను. ఎవరని అడగను. కానీ మీ పాస్టరుగా గట్టిగా చెబుతున్నాను, ఆ మాట పట్టించుకోకండి, ఒక్క డయాలసిస్ కూడా మానొద్దు, డాక్టరుకు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు. హిజ్కియా రాజుకు జబ్బు చేస్తే దేవుడే పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని మాట ఇచ్చాడు, అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టమన్నాడు. మాట ఇచ్చిన దేవుడికి మందు అడ్డం కాలేదు. అలాగే ఏ పాపం చేశావో గుర్తు చేసుకో అని ఎవరైనా అంటే, యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు అడిగిన ప్రశ్న అదే. వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు అన్నాడు యేసు. అక్కడితో ఆ మాట వదిలేద్దాం.

ఏలీయా చేసిన ఒక పని మాత్రం మీరు చేయకండి. దాసుణ్ణి వెనక వదిలేసి ఒంటరిగా వెళ్లాడు చూశారా. బావగారిని ఇంటికి వెళ్లిపొమ్మని, పిల్లల్ని రావద్దని, నా వల్ల అందరికీ ఇబ్బంది అని మీరు అంటున్నారట. ఆ అధ్యాయం చివరికి వచ్చేసరికి దేవుడు ఏలీయాకు ఎలీషాను తోడిచ్చాడు, అతను వెంట వెళ్లి పరిచారం చేశాడు. ఏలీయా వద్దనలేదు. మీరు కూడా వద్దనకండి. మంగళవారం, శనివారం మన స్త్రీల సమాజంలో వాళ్లు వంతులు వేసుకున్నారు, మెషీన్ దగ్గర కూర్చుంటారు, ఆ పూట బావగారు ఇంటికెళ్లి పడుకుంటారు. మాట్లాడాలని లేకపోతే మాట్లాడొద్దు, వాళ్లకు చెప్పే పంపిస్తాను. కాస్త ఎక్కువ మాట్లాడే వాళ్లు ఒకరిద్దరు ఉన్నారు, వాళ్లకు ఇంకోసారి చెబుతాను.

అన్నట్టు, ప్రాణం తీసికొమ్మన్న ఆ ప్రార్థనను దేవుడు వినలేదు. 2 రాజులు 2లో చూడండి, చావు అడిగిన ఆ మనిషిని సుడిగాలిలో ఆకాశానికి ఎక్కించుకున్నాడు. ఆయన ఆలోచన మన ఆలోచన ఒకటి కాదు. అది ఇంకోసారి చెబుతాను, ఇప్పటికే ఎక్కువసేపు తీసుకున్నాను.

ప్రార్థన చేసుకుందాం. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది కదా, కుడి చెయ్యి ఇవ్వండి.

ప్రభువా, అక్క అలసిపోయింది. ఎంత అలసిపోయిందో మాకంటే నీకు బాగా తెలుసు. ఈ దారి తన శక్తికి మించిందని నీ ముందు ఒప్పుకుంటున్నాం. తనను స్వస్థపరచమని అడుగుతున్నాం, మళ్లీ మళ్లీ అడుగుతాం, విసుక్కోకు తండ్రీ. ఈ రాత్రి నిద్ర దయచేయి. కాళ్ల నొప్పి తగ్గించు. రేపు మెషీన్ మీద ఉన్నంతసేపూ బీపీ పడిపోకుండా కాపాడు. డాక్టరు గారికి మంచి ఆలోచన, నర్సులకు ఓపిక ఇవ్వు. బావగారు ఎవరికీ కనబడకుండా ఏడుస్తున్నారు, ఆయన్ని కూడా నిద్రపోనివ్వు, ఆయనకు కూడా తినబుద్ధి కలిగించు. పిల్లల పరీక్షలు, ఖర్చులు అన్నీ నీకు తెలుసు. పక్క మంచం మీద ఉన్న పెద్దాయన్ని కూడా జ్ఞాపకం చేసుకో, ఆయన కోసం ఎవరూ రావట్లేదు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.