ఏప్రిల్ 6 నుంచి పరీక్షలు ముగిసే వరకు మీ రాత్రి క్రమం

మూడో సంవత్సరం బి.టెక్. చదువుతూ శివాజీపాలెంలో ఇద్దరు స్నేహితులతో కలిసి అద్దెగదిలో ఉంటున్న మీకోసం, మొన్న క్లినిక్‌లో మీరు చెప్పిన వివరాల ఆధారంగా దీన్ని రాస్తున్నాను. మీ పరీక్షలు ఏప్రిల్ 20న మొదలవుతాయి, ప్రతి పేపరూ ఉదయం 10 గంటలకే. ప్రస్తుతం మీరు రాత్రి 2:30కు పడుకుని ఉదయం 9 గంటలకు లేస్తున్నారు. ఇదే పద్ధతి కొనసాగితే, నిద్రమత్తు ఇంకా పూర్తిగా వదలని సమయంలో మీరు ప్రశ్నపత్రం చదవవలసి వస్తుంది. కాబట్టి ఈ రెండు వారాల్లో పడకవేళను 11:30కు, మేలుకొనే వేళను 6:30కు తీసుకురావడమే మన పని. చదువు తగ్గించమని నేను అడగడం లేదు, చదివే గంటలను రాత్రి నుంచి ఉదయానికి జరపమంటున్నాను.

ముందుగా కెఫీన్ సంగతి చూడాలి, ఎందుకంటే మీ రాత్రి పాడవడం మంచం మీద కాదు, సాయంత్రం ఏడింటికే మొదలవుతోంది. మీరు చెప్పిన లెక్క ఇది: ఉదయం ఒక్కో చెంచా ఇన్‌స్టంట్ కాఫీతో రెండు కప్పులు, మధ్యాహ్నం రెండు టీలు, రాత్రి 7 గంటలకు రెండు చెంచాల కాఫీ, 9 గంటలకు ఒక ఎనర్జీ డ్రింక్ డబ్బా, 12 గంటలకు మళ్లీ రెండు చెంచాల కాఫీ, 1:30కు ఇంకో డబ్బా. చెంచా కాఫీపొడిలో సుమారు 60 మిల్లీగ్రాములు, కప్పు టీలో సుమారు 35 మిల్లీగ్రాములు అనుకుందాం. మన దేశపు నిబంధనల ప్రకారం కెఫీన్ పానీయాల్లో లీటరుకు 300 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదు కాబట్టి 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 వరకు ఉండవచ్చు. అన్నీ కలిపితే రోజుకు దాదాపు 580 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతులైన పెద్దవారికి సాధారణంగా 400 మిల్లీగ్రాములను హద్దుగా చెబుతారు. మీ విషయంలో హద్దు దాటడం కంటే ఎక్కువ కలవరపెట్టేది, అందులో 390 మిల్లీగ్రాములు రాత్రి ఏడు తరువాతే లోపలికి వెళ్లడం.

మనం మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ, నిద్ర రావలసిన ఒత్తిడిని పెంచుతుంది. కెఫీన్ ఆ పదార్థాన్ని తొలగించదు, అది పనిచేసే చోటును ఆక్రమించుకుని నిద్రమత్తు తెలియకుండా చేస్తుంది. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి తొలగిపోవడానికి సగటున అయిదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. అంటే అర్ధరాత్రి తాగిన రెండు చెంచాల కాఫీలో సగం తెల్లవారుజామున 5 గంటలకు కూడా మీలోనే ఉంటుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. "కాఫీ తాగినా నాకు నిద్ర పడుతుంది డాక్టర్" అని మీరు అన్న మాట నిజమే కావచ్చు, కానీ పట్టిన నిద్ర లోతుగా ఉండదు, చదివినది జ్ఞాపకంలో స్థిరపడడానికి కావలసింది ఆ లోతైన నిద్రే.

ఇవన్నీ ఒక్కరోజులో మానేయవద్దు. అలా చేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు, నీరసం మొదలై కొన్ని రోజులు ఉండవచ్చు, చదువు దెబ్బతింటుంది, మళ్లీ డబ్బా తెరుస్తారు. రెండేసి రోజులకు ఒక మెట్టు చొప్పున దిగుదాం. ఏప్రిల్ 6, 7 తేదీల్లో 1:30 డబ్బా మానేసి 2 గంటలకు పడుకోండి, 8:30కు లేవండి. 8, 9 తేదీల్లో అర్ధరాత్రి కాఫీ మానేసి 1:30కు పడుకుని 8 గంటలకు లేవండి. 10, 11 తేదీల్లో 9 గంటల డబ్బా కూడా ఉండదు, పడక 1 గంటకు, మేలుకొలుపు 7:30కు. 12, 13 తేదీల్లో రాత్రి 7 గంటల కాఫీని సాయంత్రం 5కు జరిపి ఒకే చెంచాతో కలుపుకోండి, 12:30కు పడుకుని 7 గంటలకు లేవండి. 14, 15 తేదీల్లో ఆ కాఫీనీ వదిలేసి, టీలు రెండూ మధ్యాహ్నం 2 గంటలలోపే ముగించండి, 12 గంటలకు పడుకుని 6:30కు లేవండి. 16 నుంచి పడక 11:30కు, మేలుకొలుపు మాత్రం 6:30కే. అప్పటికి ఉదయపు కాఫీలు రెండు, టీలు రెండే మిగులుతాయి, మొత్తం 200 మిల్లీగ్రాముల లోపు. ఈ మధ్యలో తలనొప్పి వస్తే మాత్ర వేసుకునే ముందు అట్ట మీద రాసిన పదార్థాలు చదవండి, కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది. అరకు కాఫీ తెప్పించుకుంటున్నానన్నారు, ఆ రుచి వదలలేకపోతే ఉదయం అదే తాగండి. అరకులో పండేది ప్రధానంగా అరబికా రకం, దానిలో రోబస్టాలో ఉండే కెఫీన్‌కు దాదాపు సగమే ఉంటుంది.

ఈ మెట్లలో దేనినైనా సడలించవలసి వస్తే పడకవేళను సడలించండి, మేలుకొనే వేళను మాత్రం సడలించవద్దు. రాత్రి ఎంత ఆలస్యమైనా ఆ రోజుకు రాసిన సమయానికే లేవాలి. లేచిన అరగంటలో మేడ మీదకో వీధిలోకో వెళ్లి పదిహేను, ఇరవై నిమిషాలు వెలుతురులో నడవండి. ఏప్రిల్‌లో మన విశాఖలో ఆరు గంటలకల్లా బాగా తెల్లవారుతుంది, ఆ ఉదయపు వెలుతురే శరీరంలోని గడియారాన్ని ముందుకు జరుపుతుంది. మధ్యాహ్నం కళ్లు మూసుకుపోతుంటే మూడు గంటలలోపు ఇరవై నిమిషాలు అలారం పెట్టుకుని పడుకోవచ్చు, సాయంత్రం కునుకు మాత్రం వద్దు.

ఇక రాత్రి క్రమం. కింద రాసిన సమయాలు 16వ తేదీ నుంచి వర్తిస్తాయి. అంతకుముందు రోజుల్లో ఇదే వరుసను ఆ రోజు పడకవేళకు తగినట్లు వెనక్కి జరుపుకోండి.

8:30కు భోజనం ముగించండి. మెస్ నుంచి వచ్చే కూర కారంగా ఉన్న రోజున పెరుగన్నం ఎక్కువగా, వేపుడు తక్కువగా తినండి. పదిన్నర తరువాత ఆకలేస్తే ఒక అరటిపండు చాలు, బయట బండి దగ్గరకు వెళ్లవద్దు, ఎందుకంటే అక్కడ స్నేహితులు ఉంటారు, టీ ఉంటుంది, మాటలు ఉంటాయి, గంట గడిచిపోతుంది.

10 గంటల వరకు చదవండి. కొత్త అధ్యాయం, కష్టమైన లెక్క, పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టుకుని రాయడం లాంటివన్నీ 9:30కే ఆపేయాలి. మిగిలిన అరగంట పగలు చదివినదాన్ని పుస్తకం మూసి, ఒక తెల్లకాగితం మీద గుర్తున్నంతవరకు రాయడానికి వాడండి. గుర్తురానివాటి కింద గీత గీయండి, కానీ అప్పుడే పుస్తకం తెరవవద్దు, అవి రేపు ఉదయం మొదటి గంట పని.

10 గంటలకు పుస్తకాలు మూసి, రేపు ఏ సమయానికి ఏది చదవాలో నాలుగు వరుసలు రాయండి. మీరు నాతో చెప్పిన భయాలను, అంటే పోయిన సెమిస్టర్‌లో మిగిలిపోయిన సబ్జెక్టు గురించి, ఊళ్లో నాన్నగారికి ఏం చెప్పాలోనన్న దాని గురించి, ఆ నాలుగు వరుసల కిందనే రాయండి. పరిష్కారం దొరకనక్కరలేదు. దీపం ఆర్పాక తలలో తిరిగే మాటలు అంతకుముందే కాగితం మీదకు వచ్చి ఉంటే, పక్క మీద వాటి బలం తగ్గుతుంది. పరీక్ష ముందురోజైతే హాల్ టికెట్, గుర్తింపు కార్డు, కాలిక్యులేటర్, పెన్నులు కూడా ఇప్పుడే సంచిలో పెట్టండి.

10:20కు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయండి. ఈ ఉక్కలో చన్నీళ్లే బాగుంటాయని మీకు అనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ గోరువెచ్చని నీళ్లకు చర్మంలోని రక్తనాళాలు విప్పారి లోపలి వేడి బయటకు పోతుంది, శరీరపు లోపలి ఉష్ణోగ్రత తగ్గడం నిద్రకు దారి తీస్తుంది. సముద్రపు గాలిలోని తేమ వల్ల చెమట ఆరదు కాబట్టి పలుచని నూలుబట్టలు వేసుకుని, ఫ్యాను గాలి సూటిగా తగిలే చోట పక్క వేసుకోండి. కిటికీ తెరిచి ఉంచాలంటే దోమతెర తప్పనిసరి.

10:45కు ఫోన్‌ను వంటగది అలమరలో ఛార్జింగ్‌కు పెట్టి, మళ్లీ ఉదయమే తీయండి. అలారం కోసం ఒక చిన్న టేబుల్ గడియారం కొనుక్కోండి. తెర వెలుతురు కంటే నాకు మీ క్లాసు వాట్సాప్ గ్రూపు ఎక్కువ భయం, రాత్రి పదకొండుకు ఎవరో "ఇది ముఖ్యమైన ప్రశ్న" అని పెట్టిన ఒక్క సందేశం మిమ్మల్ని రెండింటి దాకా కూర్చోబెడుతుంది. మీ గదిలోని ఇద్దరితోనూ ఈ రోజే మాట్లాడండి. 10:45 తరువాత పెద్ద దీపం ఆర్పేయాలని, చదివేవారు టేబుల్ లైటు గోడవైపు తిప్పుకోవాలని, ఎవరూ మీకు కాఫీ కలిపి ఇవ్వవద్దని చెప్పండి. వారికీ పరీక్షలే కాబట్టి అర్థం చేసుకుంటారు.

10:45 నుంచి 11:30 వరకు చేయవలసింది ఏమీ లేదు. పాఠానికి సంబంధం లేని పుస్తకం నాలుగు పేజీలు చదవండి, అమ్మకు ఫోన్ చేసే అలవాటు ఉంటే దాన్ని 10 గంటలలోపు పూర్తి చేసుకోండి. మంచం మీద కూర్చుని చదివే పద్ధతి ఈ రోజుతో మానేయండి, మంచం నిద్రకే.

11:30కు దీపం ఆర్పాక సుమారు ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర పట్టలేదనిపిస్తే, గడియారం చూడకుండా లేచి కుర్చీలో మసక వెలుతురులో కూర్చోండి. కళ్లు బరువెక్కినప్పుడే మళ్లీ మంచం మీదకు రండి. మొదటి వారంలో ఇది రెండు, మూడుసార్లు జరగవచ్చు. నిద్ర కోసం జలుబు, అలర్జీ మాత్రలు వేసుకోవద్దు, మరుసటి రోజు ఉదయం కూడా మగత వదలదు. మందుల దుకాణంలో నిద్రమాత్ర అడగనే వద్దు.

పరీక్ష రోజు ఉదయం 6:30కు లేచి, ఇడ్లీయో పెసరట్టో తిని, 9 గంటల ప్రాంతంలో మీకు అలవాటైన ఒక కప్పు కాఫీ తాగండి. దాని ప్రభావం అరగంట నుంచి గంటలోపు గరిష్ఠానికి చేరుతుంది. ఆ రోజు రెండో కప్పు, ఎనర్జీ డ్రింక్ వద్దు, చేయి వణుకుతుంది, మధ్యలో మూత్రానికి లేవవలసి వస్తుంది. పరీక్ష ముందురోజు రాత్రి భయంతో నిద్ర సరిగా పట్టకపోయినా కంగారుపడవద్దు, అంతకుముందు వారమంతా బాగా నిద్రపోయి ఉంటే ఒక్క రాత్రి లోటును మెదడు తట్టుకుంటుంది. పేపరుకు పేపరుకు మధ్య రెండు రోజుల విరామం వస్తే, మొదటి రాత్రి తెల్లవార్లూ చదివి రెండో రోజు నిద్రపోదామన్న ఆలోచన రానివ్వవద్దు, విరామంలోనూ 6:30, 11:30 మారవు.

గుండె దడ ఆగకుండా ఉన్నా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా కాఫీ, డబ్బాలు వెంటనే ఆపి అదే గంటలో ఆసుపత్రికి వెళ్లండి, నా అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు. వరుసగా రాత్రులు నిద్ర లేకుండా బతకడమే భారమనిపిస్తే, ఏ వేళలోనైనా టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, అది ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడవచ్చు. మిగిలినదంతా 13వ తేదీ సాయంత్రం మీరు క్లినిక్‌కు వచ్చినప్పుడు చూద్దాం. అప్పటివరకు ప్రతి రోజూ లేచిన సమయం, చివరి కప్పు తాగిన సమయం రెండే ఒక కాగితం మీద రాసి తీసుకురండి.