లావణ్య పెళ్లి ముహూర్తం మారింది: మే 7 గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం

బంధువులలో పెద్దలందరికీ నమస్కారాలు, చిన్నవారికి ఆశీస్సులు.

మా అమ్మాయి చి.ల.సౌ. లావణ్యకు, చి. కార్తీక్‌కు మే 6 బుధవారం ఉదయం 8:46కు పెళ్లి అని శుభలేఖలో వేయించాం. ఆ ముహూర్తం మారింది.

కొత్త ముహూర్తం: మే 7 గురువారం రాత్రి 2:48, అనగా తెల్లవారితే శుక్రవారం, ఉత్తరాషాఢ నక్షత్రం. ఊరు తెనాలి. కల్యాణ మండపం ముందు అనుకున్నదే.

ఈ వేళ విషయంలో ఒక్క మాట దయచేసి జాగ్రత్తగా చదవండి. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి అది గురువారం రాత్రి. గోడ మీది క్యాలెండర్ ప్రకారం అప్పటికే మే 8 వచ్చేస్తుంది. శుక్రవారం రాత్రి అనుకుని బయలుదేరితే పెళ్లి అయిపోయి ఉంటుంది. అందరూ గురువారం సాయంత్రం 6 గంటలకల్లా మండపంలో ఉండాలి, అదొక్కటి గుర్తుంచుకుంటే చాలు.

ఎందుకు మారిందని చాలామంది అడుగుతారు. ఆస్పత్రి కాగితంలో ఉన్న పుట్టిన వేళతో సిద్ధాంతిగారు జాతకం సరిచూస్తే, అమ్మాయి జన్మనక్షత్రం చిత్త కాదు, హస్త నాలుగో పాదం అని తేలింది. బుధవారం ఉదయం మూల నక్షత్రం. హస్తకు మూల ఏడవది, నైధన తార అవుతుంది. అదే ఉత్తరాషాఢ అయితే తొమ్మిదవది, పరమమిత్ర తార. అబ్బాయిది రేవతి, ఆయనకూ ఉత్తరాషాఢ ఇరవై రెండవది, అంటే తొమ్మిదుల లెక్కలో నాలుగవది, క్షేమ తార. రేవతి, హస్త రెండూ దేవగణమే, పొంతనకు ఏ ఇబ్బందీ లేదు. వియ్యాలవారు కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే ఈ కబురు పంపుతున్నాం. దయచేసి ఇంకే కారణమూ ఊహించవద్దు.

కార్యక్రమం ఇలా ఉంటుంది. గురువారం ఉదయం 8:40కు మా ఇంట్లో పెళ్లికూతురిని చేస్తాం. మంగళస్నానానికి పేరంటాళ్లు 8 గంటలకే రావాలి. రాత్రి 7:30 నుంచి 10:30 వరకు భోజనాలు, 8 గంటలకు ఎదురుకోలు. 12:30కు గౌరీపూజ. 2:48కి జీలకర్ర బెల్లం, ఆ వెంటనే మాంగల్యధారణ, తలంబ్రాలు. శుక్రవారం ఆడపిల్లను సాగనంపే అలవాటు మన ఇంట లేదు. అందుకే సూర్యోదయానికి లోపలే, 5:30కల్లా అప్పగింతలు పూర్తిచేస్తాం. ఉదయం 6:30 నుంచి టిఫిన్ ఉంటుంది, అది తినే బయలుదేరాలి.

పెద్దవాళ్లు, గర్భిణులు, పసిపిల్లల తల్లులు అంతసేపు కూర్చోలేరని మాకు తెలుసు. మండపం మొదటి అంతస్తులో ఏసీ గదులు వారికే కేటాయించాం. భోజనం చేసి పడుకోండి, ముహూర్తానికి అరగంట ముందు మేమే వచ్చి లేపుతాం. మెట్లు ఎక్కలేనివారికి కింద వధువు గది పక్కనే మంచాలు వేయిస్తున్నాం. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యలు, పిన్నులు మొహమాటపడకుండా ముందే చెప్పండి.

మంగళవారం రాత్రి బండికి రిజర్వేషన్ చేయించుకున్నవారు వెంటనే రద్దు చేసుకోండి. ప్రయాణం దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది. ఎంత పోయినా ఆ తేడా మాదే, ఇది మా వల్ల వచ్చిన మార్పు. హైదరాబాదు నుంచి వచ్చేవారు బుధవారం రాత్రి ఎక్కితే గురువారం ఉదయానికి దిగుతారు, స్నానాలకు, విశ్రాంతికి సమయం చిక్కుతుంది. తిరుగు టికెట్ తీసేటప్పుడు తేదీ చూసుకోండి: శుక్రవారం అర్ధరాత్రి 12 దాటాక తెనాలిలో ఎక్కే బండి అయితే టికెట్ మీద మే 9 ఉండాలి.

రాలేనివారి కోసం వీడియో ప్రసారం పెడుతున్నాం, లింకు ఇదే గ్రూపులో వేస్తాం. ముహూర్తం అమెరికా తూర్పు తీరంలో గురువారం సాయంత్రం 5:18, డాలస్‌లో 4:18, కాలిఫోర్నియాలో మధ్యాహ్నం 2:18, లండన్‌లో రాత్రి 10:18. మీకు అది మే 7వ తేదీయే.

పాత శుభలేఖ ఫోటో ఎవరికైనా పంపి ఉంటే, దాని కిందే ఈ కబురు కూడా పంపండి. ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలిచినవారందరికీ మేము స్వయంగా ఫోన్ చేస్తాం. పసుపు రాసిన కొత్త శుభలేఖలు వారంలో అందుతాయి. వాట్సాప్ చూడని పెద్దలు మీ ఇంట్లో ఉంటే, రోజు, వేళ చదివి వినిపించి, పాత కార్డు మీద కొట్టివేసి కొత్తది రాసి ఇవ్వండి.

వంటవాళ్లకు, గదులకు లెక్క చెప్పాలి. ప్రతి ఇంటి నుంచి ఒక్కరు ఏప్రిల్ 20లోగా ఈ నంబరుకే మూడు సంగతులు రాయండి: ఎంతమంది, ఏ రోజు ఎన్ని గంటలకు దిగుతారు, కింద మంచం ఎవరికి కావాలి. "చూశాం" అని మాత్రమే రాస్తే లెక్కకు అందదు.

ఇప్పటికే సెలవులు పెట్టుకున్నవారికి, ఆ రోజు వేరే శుభకార్యం ఒప్పుకున్నవారికి ఇబ్బంది కలిగింది, మన్నించండి. ముహూర్తానికి అందలేకపోతే గురువారం రాత్రి భోజనానికైనా వచ్చి, పిల్లల మీద నాలుగు అక్షింతలు వేసి వెళ్లండి.

ఇట్లు,
లావణ్య అమ్మానాన్నలు