మూడో అంతస్తు స్లాబు: కంపన పరిశీలన నివేదిక

హైదరాబాద్ ఆఫీసు భవనంలో 400 రెట్ల మైక్రోస్కోప్ పెట్టాలనుకున్న 8.4 మీటర్ల బే, అంటే స్తంభాల మధ్య భాగం ఇది. స్లాబు బలానికి ఢోకా లేదు, సమస్యల్లా కదలికతోనే.

ప్రమాణం: సున్నితమైన పరికరాలకు వాడే కంపన పరిమితి వీసీ-ఎ, అంటే వన్-థర్డ్ ఆక్టేవ్ అనే సన్నని పౌనఃపున్య బ్యాండ్‌లో ఆర్‌ఎంఎస్ వేగం సెకనుకు 50 మైక్రోమీటర్లు మించకూడదు. మామూలు ఆఫీసుకైతే 400 దాకా పర్వాలేదు.

స్లాబు సహజ పౌనఃపున్యం 6.8 హెర్ట్జ్. కారిడార్‌లో ఒక మనిషి సెకనుకు సగటున 2.27 సార్లు అడుగు వేస్తూ చకచకా నడిస్తే ఆ నడక మూడో హార్మోనిక్, అంటే దానికి మూడు రెట్ల పౌనఃపున్యం, సరిగ్గా అక్కడే పడుతుంది. అప్పుడు బే మధ్యలో సెకనుకు 130, స్తంభం పక్కన 38 మైక్రోమీటర్లు నమోదయ్యాయి.

నిర్ణయం: ఆఫీసు వాడకానికి స్లాబు సరిపోతుంది. మైక్రోస్కోప్‌ను బే మధ్యలో పెట్టడానికి అనుమతించం, స్తంభం పక్కనే పెట్టాలి. రబ్బరు ప్యాడ్లతో సరిపెడదామనుకోవద్దు. ఇంత తక్కువ పౌనఃపున్యంలో అవి కదలికను పెంచినా పెంచుతాయి. బిగించాక మళ్లీ కొలవాలి.