పాల డబ్బా మీద రాసింది, తెలుగులో

చెల్లీ,

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూసి, డబ్బా మీదున్నదంతా తెలుగులో రాశాను. నర్సుగా నేను కలిపిన మాటలు ఎక్కడున్నాయో అక్కడే చెప్పాను. అమ్మకీ చదివి వినిపించు, రాత్రిపూట పాలు కలిపేది తనే కదా.

అన్నిటికంటే పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది: బిడ్డకు తల్లిపాలే శ్రేష్ఠం. 1992 చట్టం ప్రకారం ప్రతి డబ్బా మీదా అలా వేయాలి. నీకు పాలు చాలడం లేదని బెంగపడకు. డాక్టరు గారు చెప్పినట్టు ముందు రొమ్ము పట్టు, ఆ తర్వాతే ఈ పాలు.

కడగడం

బిడ్డ తాగగానే సీసా కడిగెయ్యి. పాలు ఎండితే అంచుల్లో పట్టేసి వదలవు. సీసా, పాలపీక, రింగు, మూత అన్నీ విడదీసి, వేడినీళ్లు, సబ్బుతో బ్రష్ పెట్టి రుద్దు. పీకను లోపలి వైపు బయటకి తిప్పి కడుగు, దాని రంధ్రంలోంచి నీళ్లు పోనివ్వు. ఈ బ్రష్ సీసాకి మాత్రమే, అంట్లకి వాడొద్దు.

తర్వాత పెద్ద గిన్నెలో అన్నీ పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి మరిగించు. సీసాలో గాలి నిలవకూడదు. డబ్బా మీద ఐదు నిమిషాలని ఉంది, నువ్వు పది ఉంచు. నీళ్లు తెర్లడం మొదలయ్యాకే లెక్క. వాడేదాకా మూత తియ్యకు. తీసేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కుని, వాటితోపాటే మరిగించిన పట్టకారుతో తియ్యి. గుడ్డతో తుడవొద్దు, చీర కొంగుతో అసలే వద్దు.

సీసా బదులు ఉగ్గుగిన్నెతో పట్టినా మంచిదే, కడగడం తేలిక. దాన్నీ ఇలాగే మరిగించాలి.

కలపడం

పాలపొడి సూక్ష్మక్రిములు లేకుండా తయారయ్యే వస్తువు కాదు. మూత తియ్యని డబ్బాలో కూడా ఒక్కోసారి ఉండొచ్చు. డబ్బా మీద నీళ్లు గోరువెచ్చగా అయ్యాక కలపమని ఉంది, కానీ ఆ వేడికి క్రిములు చావవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన సూచనల ప్రకారం నీళ్లు కనీసం 70 డిగ్రీలుండాలి. మీ డాక్టరు గారిని ఫోన్లో అడిగాను. పాప నెలలు నిండకుండా పుట్టింది కాబట్టి వేడినీళ్లలోనే కలపమన్నారు. ఈ ఒక్కచోట డబ్బా మాట పక్కన పెట్టు.

లీటరు మంచినీళ్లు బాగా మరిగించి, మూత పెట్టి దించు. అరగంటలోపే వాడెయ్యి. ఫిల్టరు నీళ్లయినా, టిన్ను నీళ్లయినా మరిగించాల్సిందే.

సీసాలో ముందు నీళ్లు, తర్వాతే పొడి. ఈ డబ్బాకి కొలత 30 మి.లీ. నీళ్లకి ఒక స్కూపు. డాక్టరు గారు ఇప్పుడు 60 చెప్పారు కాబట్టి 60 గీత దాకా నీళ్లు, రెండు స్కూపులు. పొడి పడ్డాక పాలు గీత దాటి పైకొస్తాయి, కంగారుపడకు. స్కూపు నింపాక శుభ్రమైన పొడి చాకు వెనక వైపుతో పైన గీసెయ్యి. అదిమి నింపకూడదు, గోపురంగా తియ్యకూడదు.

ఇక్కడే నా భయమంతా. డబ్బా ధర చూసి పలచగా కలిపితే బిడ్డకి బలం అందదు. లావవ్వాలని ఒక స్కూపు ఎక్కువేస్తే మలబద్ధకం వస్తుంది, ఒంట్లో నీళ్లు తగ్గిపోతాయి. ఎవరేం చెప్పినా పంచదార, తేనె, గ్లూకోజు కలపనివ్వకు.

మూత బిగించి పొడి కరిగేదాకా ఆడించు. సీసా బయట చన్నీళ్లు పోస్తూ చల్లార్చు, ఆ నీళ్లు పీకకి తగలకూడదు. మణికట్టు లోపలి వైపు చుక్క వేసుకుని చూడు, గోరువెచ్చగా అనిపిస్తేనే పట్టు. పాప నోరు కాలే ప్రమాదముంది, ఈ పని ఒక్కసారి కూడా మానొద్దు. మైక్రోవేవ్‌లో వేడి చెయ్యొద్దు.

మిగిలితే

ఏ పూటకాపూటే కలుపు. కలిపిన పాలు రెండు గంటల్లోపు పట్టాలి. పాప నోరు పెట్టాక గంటలో తాగనివి పారబోసెయ్యి, మళ్లీ వేడి చేసి పట్టకు. కలిపిన పాలు ఫ్లాస్కులో దాచొద్దు. రాత్రికి కావాలంటే ఫ్లాస్కులో మరిగిన నీళ్లే ఉంచుకో. ఫ్లాస్కు శుభ్రంగా ఉండాలి, పోసినప్పుడు నీళ్లు పొగలు కక్కాలి.

డబ్బా తెరిచిన తేదీ మూత మీద పెన్నుతో రాయి. నాలుగు వారాలు దాటితే పొడి మిగిలినా వాడొద్దు. ఫ్రిజ్‌లో పెట్టకు, స్టవ్ పక్కన కూడా వద్దు. స్కూపు తడిగా ఉంటే డబ్బాలో పెట్టకు.

పాప తాగడం మానేసినా, మందకొడిగా పడుకున్నా, జ్వరంతో ఒళ్లు కాలినా, నీళ్ల విరేచనాలైనా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. బండి దొరక్కపోతే 108.

వేరే కంపెనీ డబ్బా కొంటే ఈ కాగితంలోని కొలత వాడొద్దు. కొన్నిటికి ఒక స్కూపుకి 60 మి.లీ. నీళ్లుంటాయి. మూత తీసే ముందే నాకు ఫొటో పంపు.

అక్క