విషయం: మా ‘చెరువు గట్టు’ పాడ్‌కాస్ట్‌కు అతిథిగా రావాలని విన్నపం

నెల్లూరు, 19-01-2026

డాక్టర్ గారికి నమస్కారం.

నేను సుజాతనండీ, రొయ్యల మేత కంపెనీలో రైతు సేవా విభాగం చూస్తాను. నవంబరులో ఇందుకూరుపేట రైతు మీటింగులో మిమ్మల్ని కలిశాను. మా కంపెనీ తరఫున రైతుల కోసం ‘చెరువు గట్టు’ అనే పాడ్‌కాస్ట్ నడుపుతున్నాం. అందులో రొయ్యను పెరగనివ్వని ఈహెచ్‌పీ జబ్బు గురించి మీరు మాట్లాడాలని మా కోరిక. సీజన్ మొదలయ్యేలోపే ఆ మాట రైతులకు చేరాలి కాబట్టి కాస్త తొందరపడి రాస్తున్నాను.

ఆ రోజు మీటింగు అయ్యాక ఒక రైతు మిమ్మల్ని తన చెరువు దగ్గరికి తీసుకెళ్లారు. చెక్ ట్రే పైకి లాగితే వేలెడంత రొయ్యా, అందులో సగం లేని రొయ్యా పక్కపక్కనే ఉన్నాయి. తొంభై రోజుల పంట. కిలోకు 50 కౌంట్ రావాల్సింది 100 దగ్గరే ఆగిపోయింది. “మేత తింటున్నాయి సార్, పెరగట్లేదు. ఏం మందు కొట్టమంటారు?” అని ఆయన అడిగితే, “దీనికి మందు లేదయ్యా. ఈ పంట లెక్క చూసుకుని త్వరగా పట్టేయి, వచ్చే పంట సంగతి మాట్లాడుకుందాం” అన్నారు మీరు. తర్వాత గట్టు మీదే కూర్చుని అరగంట సేపు సున్నం గురించి, సీడ్ గురించి చెప్పారు. విన్నది ఐదుగురు. అది మైపాడు నుంచి విడవలూరు దాకా, అటు ఉలవపాడు వైపు కూడా ప్రతి రైతూ వినాల్సిన మాట అని అప్పుడే అనిపించింది.

మేత, మినరల్స్ అమ్మే కంపెనీ ఈ మాట ఎందుకు చెప్పిస్తుందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది, మీకూ రావచ్చు. అందుకే ముందే చెబుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో మా సరుకు పేరు ఎక్కడా రాదు, మధ్యలో ప్రకటన ఉండదు. మీతో ఏ డబ్బా గురించీ మంచి మాట చెప్పించం. మేనేజ్‌మెంటుతో మాట్లాడి ఒప్పించాకే ఈ ఉత్తరం రాస్తున్నాను. పెరగని రొయ్యకు మేత పోసి రైతు అప్పుల్లో పడితే రేపు మా మేత కొనేవారు కూడా ఉండరు. మా ఎండీ గారికి కూడా ఈ మాటే చెప్పాను.

మాట్లాడాల్సిన వాటిలో మొదటిది సీడ్. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యల్ని చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి పరీక్షించాకే హేచరీలకు ఇస్తున్నారు కదా, మరి జబ్బు ఎక్కడ దూరుతోందని రైతులు అడుగుతున్నారు. తల్లి రొయ్యలకు పచ్చిగా వేసే పాలీకీట్ పురుగుల సంగతి, ఆ తల్లి రొయ్యల మలాన్ని పీసీఆర్ చేసి చూడడం గురించి మీరు ఆ రోజు చెప్పింది చాలామందికి తెలియదు. ఇంకొక సమస్య కూడా ఉంది. చేతిలో ఉన్న రిపోర్టు ఒక ట్యాంకుది, ప్యాకింగ్ అయ్యే సీడ్ ఇంకో ట్యాంకుది. హేచరీకి వెళ్లిన రైతు ఏ ట్యాంకు నుంచి, ఎలా శాంపిల్ తీయించుకోవాలి, నెగిటివ్ వచ్చినంత మాత్రాన ఎంతవరకు నమ్మొచ్చు అన్నవి నిదానంగా చెప్పాలి. దీనికి ఎంత సమయం పట్టినా పరవాలేదు.

రెండోది చెరువు తయారీ. హెక్టారుకు ఆరు టన్నుల కాల్చిన సున్నం, అంటే ఎకరాకు దాదాపు రెండున్నర టన్నులు, మట్టిలో పది పన్నెండు సెంటీమీటర్ల లోతుకు దున్ని, తడిపి, పీహెచ్ 12 దాటించాలన్నారు. మన దగ్గర చాలామంది నాలుగు బస్తాల వ్యవసాయ సున్నం చల్లి అయిందనుకుంటారు. రెండింటికీ తేడా ఏమిటి, ఖర్చు ఎంత అవుతుంది, పక్క చెరువు నీళ్లు కాలవలోకి వదిలితే మన శ్రమ ఏమవుతుంది అన్నవి రైతు భాషలో కావాలి. ఈహెచ్‌పీ బీజకణాలు గట్టి పెంకుతో మట్టిలో ఉండిపోతాయని మీరు చెప్పినప్పుడు ఆ ఐదుగురి ముఖాలు మారిపోవడం నేను చూశాను.

టైమ్ మిగిలితే 1994లో తెల్లమచ్చ జబ్బు వచ్చినప్పటి రోజుల గురించి కూడా అడుగుతాం. టైగర్ రొయ్య కాలంలో ఈ తీరంలో ఏం జరిగిందో కొత్తగా చెరువులు లీజుకు తీసుకుంటున్న కుర్రాళ్లకు తెలియదు.

రికార్డింగ్ నెల్లూరులో మా ఆఫీసులోనే. గట్టు మీద పెడదామనుకున్నాం గానీ ఏరేటర్ల మోతలో మాట వినిపించదు. కెమెరా ఉండదు, ఆడియో మాత్రమే. రైతులు చెరువు చుట్టూ తిరుగుతూ ఫోన్‌లో వింటారు. మీరు, నేను, పాతికేళ్లుగా రొయ్యలు వేస్తున్న ఒక అల్లూరు రైతు, ముగ్గురం కూర్చుని మాట్లాడుకుంటాం. మీటింగుల్లో నిపుణుడు చెబుతాడు, రైతు తలూపుతాడు. ఇక్కడ ఆయన మధ్యలో ఆపి అడిగేయొచ్చు. మొదటి నలభై నిమిషాలు మన మాటలు, తర్వాత ఇరవై నిమిషాలు రైతులు వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లకు మీ జవాబులు. ఆ ప్రశ్నలు మీకు వారం ముందే పంపిస్తాం, వద్దనుకున్నవి తీసేయండి. స్క్రిప్టు ఏమీ ఉండదు. తడబడితే మళ్లీ చెప్పొచ్చు, మేము కత్తిరించుకుంటాం.

తేదీ ఫిబ్రవరి 5, గురువారం, ఉదయం పదిన్నరకు అనుకున్నాం. మీకు వీలు కాకపోతే 12వ తేదీ గురువారం అదే వేళకు. అంతకన్నా వెనక్కి జరపలేం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోగానే అందరూ సీడ్ వదలడం మొదలుపెడతారు, ఆ తర్వాత సున్నం గురించి ఎంత చెప్పినా ఉపయోగం ఉండదు. 5న రికార్డ్ చేస్తే మొదటి భాగం 13న, రెండోది 20న, రెండూ శుక్రవారాలే, తెల్లవారుజామున విడుదల చేస్తాం. రికార్డింగ్ 12కి మారితే రెండు భాగాలూ 20నే పెట్టేస్తాం. ఏదైనా బయటికి వెళ్లే ముందు మీకు పంపి, మీరు సరే అన్నాకే పెడతాం. వాట్సాప్ గ్రూపుల్లో పంచే చిన్న ముక్కలకు కూడా అంతే. మాట ముందూ వెనకా తెగిపోతే అర్థం మారిపోతుందని మీరు జాగ్రత్త పడతారని తెలుసు.

కావలి నుంచి రావడానికీ తిరిగి వెళ్లడానికీ కారు పంపిస్తాం. మీ సమయానికి 10,000 రూపాయలు ఇవ్వాలని కంపెనీ నిర్ణయించింది, కాదనకండి. మధ్యాహ్నం భోజనం మాతోనే. రికార్డింగ్‌కు ముందు ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకుంటే మంచిది, జనవరి 28 బుధవారం సాయంత్రం ఆరు తర్వాత అయితే ఎలా ఉంటుంది? అరగంట చాలు.

ఆ రోజు మీరు గట్టు మీద మట్టి తడిపి పీహెచ్ చూపించిన పద్ధతి కూడా ఎలా చెప్పొచ్చో ఆలోచించండి. ఆడియోలో కనిపించదు కాబట్టి మాటల్లోనే చేయించాలి. అల్లూరు రైతు చేస్తూ ఉంటే మీరు చెబుతూ పోవడం కుదురుతుందేమో.

24వ తేదీ శనివారం లోపు ఈ మెయిల్‌కు ఒక్క ముక్క జవాబిస్తే మిగతా ఏర్పాట్లు చేసుకుంటాను. రాయడం కుదరకపోతే మీటింగు రోజు నేనిచ్చిన నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చినా చాలు, నేనే చేస్తాను.

నమస్కారాలతో,
సుజాత
రైతు సేవా విభాగం, నెల్లూరు