ఆ గ్రే లాట్ ఎలా పాసైంది? షేడ్ చూసే మూడు షిఫ్టులకూ

గత మంగళవారం రాత్రి షిఫ్టులో రెండు లాట్ల మీద నిర్ణయం జరిగింది. రెండూ తలకిందులయ్యాయి. పాస్ కావాల్సిన పసుపు లాట్‌ను ఆపేశారు, ఆపాల్సిన గ్రే లాట్ కటింగ్‌కు వెళ్లిపోయింది. పొద్దున టేబుల్ మీద పరిచాక కటింగ్ మాస్టర్ ఫోన్ చేసి "సార్, ఇది గ్రేనా, గులాబీనా?" అని అడిగాడు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ల తప్పేం లేదు, స్క్రీన్ ఏం చూపిస్తే అదే నమ్మారు. సోమవారం కంప్యూటర్ మార్చి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించినప్పుడు సెట్టింగులు సరిచూడాల్సింది నేను. చూడలేదు.

ఇంతకీ జరిగింది ఇది. రంగు తేడా విషయంలో బయ్యర్‌తో మన ఒప్పందం CMC(2:1) అనే సూత్రం లెక్కలో 1.0 లోపు. కొత్తగా ఎక్కించిన సాఫ్ట్‌వేర్ మాత్రం ΔE*ab అనే వేరే సూత్రం లెక్క చూపిస్తోంది. హద్దు అదే 1.0, కొలబద్ద మారిపోయింది. మీటర్లలో అడిగిన గుడ్డను గజాల్లో కొలిచి ఇచ్చినట్టు.

కొత్తగా చేరినవాళ్ల కోసం మొదటి నుంచీ చెబుతాను. "ల్యాబ్ విలువలు" అంటే మన ల్యాబ్‌లో తీసిన విలువలని ఒకరు అనుకున్నారట. కాదు, అవి L*, a*, b* అనే మూడు అంకెలు, 1976 నుంచి వాడుకలో ఉన్నవి. L* అంటే వెలుగు: 0 అయితే నలుపు, 100 అయితే తెలుపు. a* ప్లస్ వైపు వెళ్తే ఎరుపు, మైనస్ వైపు వెళ్తే ఆకుపచ్చ. b* ప్లస్ అయితే పసుపు, మైనస్ అయితే నీలం. a*, b* రెండూ సున్నా దగ్గరుంటే అది గ్రే. సున్నాకు ఎంత దూరం జరిగితే రంగు అంత గాఢం. ఆ దూరాన్నే C* అంటారు.

తేడా ఎప్పుడూ శాంపిల్‌లోంచి స్టాండర్డ్‌ను తీసేసి రాస్తాం. Δa* ప్లస్ వస్తే మన గుడ్డ స్టాండర్డ్ కన్నా ఎర్రగా ఉందని అర్థం. మూడు తేడాలనూ కలిపి ఒకే అంకె చేస్తే అదే డెల్టా ఇ:

```
ΔE*ab = √(ΔL*² + Δa*² + Δb*²)
```

ఇక ఆ రాత్రి లాట్లు. రీడింగులు రంగు కొలిచే మెషీన్‌లోనే ఉన్నాయి, D65 అంటే పగటి వెలుగు, చూపు కోణం 10 డిగ్రీలు.

```
              L*      a*      b*
పసుపు స్టాం.   78.40    8.20   72.60
పసుపు లాట్    78.90    8.60   75.40
గ్రే స్టాం.     62.30   -0.40    1.20
గ్రే లాట్      62.10    0.45    1.45
```

పసుపులో తేడాలు 0.50, 0.40, 2.80. వర్గాలు కలిపితే 8.25, దాని వర్గమూలం 2.87. గ్రేలో తేడాలు -0.20, 0.85, 0.25. వర్గాల మొత్తం 0.825, వర్గమూలం 0.91. హద్దు 1.0 కాబట్టి పసుపు ఫెయిల్, గ్రే పాస్. లెక్క తప్పలేదు. కానీ రెండు గుడ్డలనూ లైట్ బాక్స్‌లో పెట్టి చూడండి. పసుపు స్టాండర్డ్‌కు అతికినట్టుంటుంది. గ్రేలో ఎర్ర జీర దూరం నుంచే కనిపిస్తుంది.

ఎందుకంటే మన కన్ను అన్ని రంగుల్లోనూ ఒకేలా చూడదు. గాఢమైన పసుపులో ఇంకాస్త పసుపు కలిస్తే పట్టించుకోదు. గ్రేలో చిటికెడు ఎరుపు పడితే మాత్రం వెంటనే పట్టేస్తుంది. ఊరేగింపులో ఒకడు అరిచినా వినిపించదు, ఊరంతా నిద్రపోయే వేళ చెంబు పడితే అందరూ లేస్తారు, అలాగన్నమాట. ΔE*ab సూత్రానికి ఈ సంగతి తెలియదు. 1984లో బ్రిటన్‌లో రంగులద్దేవాళ్ల సంఘం కమిటీ తెచ్చిన CMCకి తెలుసు. అద్దకం పనివాళ్ల చేతిలో పుట్టింది కాబట్టే గుడ్డకు అంత బాగా కుదురుతుందని నా నమ్మకం.

అది చేసేదల్లా ప్రతి తేడానూ ఆ రంగుకు తగిన అంకెతో భాగించడమే:

```
ΔE CMC(2:1) = √[ (ΔL*/(2·SL))² + (ΔC*/SC)² + (ΔH*/SH)² ]
```

ΔC* అంటే గాఢతలో తేడా, ΔH* అంటే రంగు జాతిలో తేడా, అంటే ఎరుపు వైపుకా ఆకుపచ్చ వైపుకా తిరిగింది అన్నది. SL, SC, SH లను స్టాండర్డ్ విలువల నుంచి సాఫ్ట్‌వేరే కడుతుంది, మీరు కట్టక్కర్లేదు. కానీ ఈ రెండు లాట్లలో అవి ఎంతెంత వచ్చాయో ఒక్కసారి చూడండి. పసుపులో SC 3.02. గ్రేలో SC 0.72, SH 0.71. పసుపులో 2.83 గాఢత తేడాను 3.02తో భాగిస్తే 0.94కి దిగింది. గ్రేలో ΔH* 0.85ను 0.71తో భాగిస్తే 1.20కి ఎక్కింది. మిగతావీ కలిపాక:

```
          ΔE*ab    CMC(2:1)    ΔE2000
పసుపు      2.87      0.96       0.74
గ్రే        0.91      1.25       1.29
```

పక్కన ΔE2000 కూడా పెట్టాను. కొందరు బయ్యర్లు ఇప్పుడు అదే అడుగుతున్నారు, ఇంకా కొత్తది. రెండూ ఒకే మాట చెబుతున్నాయి: పసుపు పాస్, గ్రే ఫెయిల్. అలాగని రెండింటి అంకెలూ ఒకటే అనుకోకండి. ఒక సూత్రంలో పెట్టుకున్న హద్దు ఇంకో సూత్రానికి పనికిరాదు. రిపోర్టులో ఉత్త "డెల్టా ఇ 0.9" అని రాస్తే నేను సంతకం పెట్టను. ఏ సూత్రం, ఏ వెలుగు, ఎన్ని డిగ్రీలు అన్నవి పక్కనే ఉండాలి.

సూత్రం కన్నా పెద్ద గొడవ ఇంకోటి ఉంది. చాలామంది డెల్టా ఇ ఒక్కటే చూసి ముందుకెళ్లిపోతారు. అది ఎంత దూరం వెళ్లామో చెబుతుంది గానీ ఎటు వెళ్లామో చెప్పదు. డైయింగ్ మాస్టర్‌కు "1.25 వచ్చింది, ఫెయిల్" అని చెబితే ఆయన ఏం చేస్తాడు? "ఎరుపు 0.85 ఎక్కువ, వెలుగు దాదాపు సరే" అని చెబితే టాపింగ్‌లో కాస్త నీలం, పసుపు వేసి ఎరుపును అణచవచ్చు. రంగు వేస్తే L* ఇంకా తగ్గుతుంది, అదీ ముందే లెక్కలో పెట్టుకోవాలి. CMC(2:1)లో వెలుగు తేడాకు రెట్టింపు వెసులుబాటు ఉంది కాబట్టి ఈ లాట్‌లో అంత భయం లేదు. కటింగ్ నుంచి వెనక్కి తెప్పించాం, ఇంకా కత్తి పడని రోల్స్‌కు టాపింగ్ చేస్తున్నారు.

దిశ తెలియకపోతే వచ్చే ఇంకో చిక్కు. రెండు లాట్లు, రెండూ 0.8తో పాస్. ఒకటి ఎరుపు వైపు, ఇంకోటి ఆకుపచ్చ వైపు. మధ్య దూరం 1.6 దాకా ఉండొచ్చు. చేతులు ఒక లాట్‌లోంచి, ఒళ్లు ఇంకో లాట్‌లోంచి కుడితే చొక్కా రెండు రంగుల్లో వస్తుంది. అందుకే ఒక ఆర్డర్‌లో లాట్లన్నిటినీ Δa*, Δb* చూసి గుంపులు కట్టి పంపండి.

నిన్న పాసైన లాట్‌ను ఇవాళ స్టాండర్డ్‌గా పెట్టుకోవడం మానేయండి. మొదటి లాట్ స్టాండర్డ్‌కు, తర్వాతి రెండూ ముందు లాట్‌కు 0.6 దూరంలోనే ఉన్నా, అన్నీ ఒకే దిక్కున జరిగితే మూడో దానికి అసలు స్టాండర్డ్ 1.8 దూరంలో ఉంటుంది. బయ్యర్ ఇచ్చిన ముక్క నల్ల కవరులో, బీరువాలో ఉంది. దానితోనే పోల్చండి. CMCలో స్టాండర్డ్, శాంపిల్ తారుమారు చేసినా అంకె మారుతుంది, భాగించే అంకెలు స్టాండర్డ్ నుంచే కడుతుంది కాబట్టి.

ఇక కొలిచే చేతుల గురించి. గుడ్డ పల్చగా ఉంటే వెనకున్న రంగు కలిసిపోతుంది. మన నిట్స్‌ను నాలుగు మడతలు పెట్టండి, వెనక వెలుగు తగలకూడదు. ఒక రీడింగ్ తీశాక ముక్కను 90 డిగ్రీలు తిప్పి ఇంకోటి, అలా నాలుగు తీసి సగటు తీసుకోండి. అల్లిక గీతలు ఒకవైపే ఉంటాయి కాబట్టి తిప్పకపోతే అంకె ఆ గీతలదే అవుతుంది. లాగి బిగించి పెట్టకండి. కప్పును గట్టిగా నొక్కకండి, ముక్క లోపలికి ఉబ్బి మెషీన్ గోళంలోకి చొచ్చుకొస్తే వెలుగు విలువ మారిపోతుంది.

డ్రయర్ నుంచి తీసిన గుడ్డను వెంటనే కొలవకండి. పోయిన నెల ఒక మెరూన్ ముక్క వేడిగా ఉన్నప్పుడు 1.3 చూపించింది, అరగంట ల్యాబ్‌లో ఆరబెట్టాక 0.6. లాట్ ఆపేసి అందరినీ పరుగులు పెట్టించాక తెలిసింది. వేడికీ తేమకూ రంగు మారుతుంది, స్టాండర్డ్ ఉన్న గాలిలోనే శాంపిల్ కూడా కాసేపు ఉండాలి. షిఫ్ట్ మొదట్లో తెల్ల టైల్, నల్ల ట్రాప్‌తో క్యాలిబ్రేషన్ చేయండి. తెల్ల టైల్ మీద వేలిముద్ర ఉంటే రోజంతా తప్పే కొలుస్తారు.

అదే ముక్కను ఐదుసార్లు పెట్టి తీస్తే మన మెషీన్‌లోనే 0.1, 0.15 తేడాలొస్తాయి. అందుకే పసుపు లాట్ 0.96ను చూసి నేను గంతులేయలేదు. మళ్లీ కొలిపించి, లైట్ బాక్స్‌లో ఇద్దరికి చూపించాకే సంతకం పెట్టాను. ఇకనుంచి 0.85కు పైన వచ్చిన ప్రతిదానికీ అదే పద్ధతి.

ఇంకొక్క మాట, నేవీ బ్లూ సంగతి. డై సరఫరా ఆగి రెసిపీ మార్చినప్పుడు D65లో 0.55 వచ్చి, TL84 కింద 1.40కు ఎక్కింది. పగటి వెలుగులో ఒకటే రంగు, షాపు ట్యూబు లైట్ కింద రెండు రంగులు. రెసిపీ మారిన లాట్‌కు మూడు వెలుగులూ చూడాలి: పగటి వెలుగు D65, షాపు ట్యూబు లైట్ TL84, పాత బల్బు వెలుగు A. రెసిపీ మారకపోతే D65 చాలు.

ఈ రోజు మధ్యాహ్నం షిఫ్ట్ నుంచి అమలు: డ్యూటీ ఎక్కగానే Tolerance పేజీలో `CMC 2:1`, `D65/10°` ఉన్నాయో లేదో చూసి లాగ్‌బుక్‌లో టైమ్ వేసి రాయండి. తర్వాత బీరువాలోని ఆకుపచ్చ టైల్‌ను శాంపిల్‌గా పెట్టి కొలవండి. సోమవారానికి ముందు రీడింగుతో పోలిస్తే 0.2 దాటితే ఏ లాట్ మీదా నిర్ణయం చేయకుండా నాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రి అయినా సరే. గ్రే లాట్ టాపింగ్ అయ్యాక ముక్కలు రెండో షిఫ్ట్‌కు వస్తాయి. చల్లారనిచ్చి కొలవండి, Δa* ఎంత వచ్చిందో ముందు డైయింగ్ మాస్టర్‌కు చెప్పి, తర్వాత డెల్టా ఇ రాయండి.

ల్యాబ్ ఇన్‌చార్జి